జిర్కోనియా అంత తేలిగ్గా ఎందుకు పగలదు? ట్రాన్స్‌ఫర్మేషన్ టఫెనింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సెరామిక్స్ చదువుకుని, ఇప్పుడు భీమవరం దగ్గర ఒక డెంటల్ ల్యాబ్‌లో జిర్కోనియా పళ్ళు, బ్రిడ్జిలు చేసే విభాగం చూస్తున్నాను. నరసాపురం, పాలకొల్లు, అమలాపురం వైపు డాక్టర్లు, మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళు, అప్పుడప్పుడు పేషెంట్లు కూడా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను. అన్నీ తిరిగి తిరిగి ఒక్క విషయం దగ్గరికే వస్తాయి: పగులు వచ్చినప్పుడు ఈ పదార్థం లోపల రూపం మార్చుకుని దాన్ని నొక్కి పట్టుకుంటుంది. దీన్నే ట్రాన్స్‌ఫర్మేషన్ టఫెనింగ్ అంటారు.

పింగాణీ కప్పు చేయి జారితే ముక్కలవుతుంది కదా, జిర్కోనియా కూడా పింగాణీ లాంటిదే అంటారు, మరి ఇది ఎలా తట్టుకుంటుంది?

రెండూ సెరామిక్సే. రెండూ ఇనుములా వంగవు. తేడా అంతా పగులు మొదలయ్యాక వస్తుంది. పింగాణీలో గానీ గాజులో గానీ ఒక పగులు కదిలిందంటే దాన్ని ఆపేది దాదాపు ఏమీ లేదు, అవతలి అంచు దాకా పోతుంది. దంతాలకు వాడే మామూలు జిర్కోనియాలో పగులు ముందుకు జరిగేకొద్దీ దాని చుట్టూ ఉన్న రేణువులు ఉబ్బి, పగులును రెండు వైపుల నుంచీ మూసేలా నొక్కుతాయి. అందుకని అదే పగులు ఇంకొంచెం ముందుకు పోవాలంటే ఇంకా ఎక్కువ బలం కావాలి.

ఫ్రాక్చర్ టఫ్‌నెస్ అంటే బలమే కదా? రెండు మాటలెందుకు?

కాదు, ఇది తెలియకపోతే మిగతాదంతా గందరగోళంగా ఉంటుంది. బలం అంటే ఒక ముక్క విరిగేటప్పుడు దాని మీద ఉన్న ఒత్తిడి. టఫ్‌నెస్ అంటే లోపల అప్పటికే ఒక పగులు ఉందనుకుని, అది కదలకుండా పదార్థం ఎంతవరకు ఆపగలదు అన్న లెక్క. దీని యూనిట్ మెగాపాస్కల్ రూట్ మీటర్. పలకడానికి పొడుగ్గా ఉంది కాబట్టి ఇక్కడి నుంచి ఊరికే 'యూనిట్లు' అంటాను. కిటికీ గాజుకు ఇది సుమారు 0.7 నుంచి 0.8, అల్యూమినాకు 3 నుంచి 4, రూపం మార్చుకోని క్యూబిక్ జిర్కోనియాకు 2 నుంచి 3, యట్రియా అనే యట్రియం ఆక్సైడ్ 3 మోల్ శాతం కలిపిన, మనం వాడే జిర్కోనియాకు సుమారు 5.

చూడటానికి 2.5కీ 5కీ పెద్ద తేడా లేనట్టుంటుంది. కానీ ముక్క విరిగే ఒత్తిడి, టఫ్‌నెస్‌ను పగులు పొడవు వర్గమూలంతో భాగిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి టఫ్‌నెస్ రెట్టింపైతే, అదే ఒత్తిడి కింద నాలుగు రెట్లు పొడవైన పగులును కూడా ఓర్చుకుంటుంది. మిల్లింగ్‌లోనో గ్రైండింగ్‌లోనో 5 మైక్రోమీటర్ల గీత పడితే విరిగిపోయే చోట, 20 మైక్రోమీటర్ల గీత పడినా నిలబడుతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా గీతలు పడకుండా పని జరగదు, అందుకే నాకు బలం నంబరు కంటే ఈ నంబరు మీదే నమ్మకం.

అసలు 'రూపం మారడం' అంటే ఏం మారుతుంది?

పరమాణువులు పేర్చుకున్న తీరు మారుతుంది. స్వచ్ఛమైన జిర్కోనియా గది ఉష్ణోగ్రతలో మోనోక్లినిక్ అనే అమరికలో ఉంటుంది. సుమారు 1170 డిగ్రీల సెల్సియస్ దాటాక టెట్రాగోనల్ అవుతుంది, 2370 దాటాక క్యూబిక్ అవుతుంది, 2700 దగ్గర కరుగుతుంది. మనకు కావలసింది మొదటి రెండే. టెట్రాగోనల్ కాస్త కుదించుకుని ఉండే అమరిక, మోనోక్లినిక్ కాస్త చోటెక్కువ తీసుకునేది. చల్లారుతూ టెట్రాగోనల్ నుంచి మోనోక్లినిక్‌కు మారేటప్పుడు ఘనపరిమాణం 4 నుంచి 5 శాతం పెరుగుతుంది, దాంతోపాటు ఆకారం కూడా ఒక పక్కకు ఒరుగుతుంది.

4 శాతమే కదా అనిపిస్తుంది. సెరామిక్‌కు అది చాలా ఎక్కువ. స్వచ్ఛమైన జిర్కోనియాను కొలిమిలో కాల్చి చల్లార్చితే, తడిసిన ధాన్యం ఉబ్బి బస్తా కుట్లు తెంపుకున్నట్టు, ముక్క దానంతట అదే పగిలిపోతుంది. అందుకే ఈ పదార్థాన్ని చాలాకాలం గట్టి వస్తువులు చేయడానికి పనికిరానిదిగా చూశారు. ముక్కను పగలగొట్టే ఆ ఉబ్బునే పగులును ఆపడానికి వాడుకోవచ్చని 1975లో ఆస్ట్రేలియాలోని సీఎస్ఐఆర్ఓ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు గార్వీ, హానింక్, పాస్కో 'నేచర్' పత్రికలో చూపించారు. దాన్ని వాళ్ళు సెరామిక్ ఉక్కు అనవచ్చా అని అడిగారు. ఆ పోలిక ఉత్తినే చేసింది కాదు. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినప్పుడు ఉక్కు లోపల జరిగే మార్టెన్‌సిటిక్ మార్పు, ఇదీ ఒకే జాతివి: పరమాణువులు ఒక్కొక్కటిగా ఎక్కడికో ప్రయాణం చేయవు, అన్నీ కలిసి ఒక్కసారిగా కొద్దిగా జరుగుతాయి. అందుకే ఇది చాలా వేగంగా, పగులు పరిగెత్తే వేగానికి కూడా అందేలా జరుగుతుంది.

మరి 1170 డిగ్రీల పైన ఉండాల్సిన టెట్రాగోనల్, మన నోట్లో 37 డిగ్రీల దగ్గర ఎలా నిలబడుతుంది?

మూడు కారణాలు కలిసి పట్టి ఉంచుతాయి. మొదటిది యట్రియా. జిర్కోనియంతో పాటు కొద్దిగా యట్రియం కలిపితే టెట్రాగోనల్ నుంచి మారిపోవాలన్న తొందర తగ్గుతుంది. ఎక్కువ కలిపితే అసలు మారదు, తక్కువ కలిపితే చల్లారేటప్పుడే మారిపోతుంది. 3 మోల్ శాతం ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. రెండోది రేణువు చిన్నగా ఉండటం: మనం వాడే దాంట్లో రేణువులు సుమారు 0.3 నుంచి 0.5 మైక్రోమీటర్లు. ఈ యట్రియా మోతాదుకు రేణువు 1 మైక్రోమీటర్ దరిదాపులకు పెరిగిందంటే ఎవరూ తాకకుండానే మారిపోయే ప్రమాదం వస్తుంది. మూడోది చుట్టుపక్కల రేణువుల బిగువు. బస్తా మధ్యలో బిగిసి ఉన్న గింజ ఉబ్బాలన్నా చోటుండదు, ఇదీ అంతే.

అంటే ఈ రేణువులు మారడానికి సిద్ధంగా ఉండి, చోటు లేక ఆగి ఉన్నాయి. ఇంజనీరు పని అంతా వాటిని ఆ స్థితిలో నిలపడమే.

పగులు వచ్చినప్పుడు సరిగ్గా ఏం జరుగుతుంది? ఒక్కో అడుగూ చెప్పండి.

పగులు కొన దగ్గర పదార్థాన్ని రెండు వైపులకూ లాగే ఒత్తిడి విపరీతంగా ఉంటుంది. ఆ లాగుడు అక్కడి రేణువుల మీద చుట్టూ ఉన్న బిగువును తీసేస్తుంది. చోటు దొరికిన రేణువు టక్కున మోనోక్లినిక్‌గా మారి ఉబ్బుతుంది. కొన చుట్టూ ఇలా మారిన రేణువులతో ఒక ప్రాంతం తయారవుతుంది, దాన్ని మారిన పట్టీ అందాం.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పగులు కదలకుండా ఉన్నప్పుడు, కొన ముందు ఉబ్బిన రేణువుల వల్ల లాభం దాదాపు ఏమీ రాదు. పగులు ఆ పట్టీలోకి ముందుకు సాగి, ఉబ్బిన రేణువులు దాని రెండు ఒడ్డులకూ వెనక మిగిలిపోయినప్పుడే అసలు లాభం. ఎండాకాలం కాలువలు కట్టేశాక మన చేలల్లో పడే నెర్రెలు గుర్తు చేసుకోండి. జూన్‌లో నీళ్ళు వదిలితే రెండు ఒడ్డుల నల్లమట్టీ ఉబ్బి నెర్రెను మూస్తుంది కదా, జిర్కోనియాలో కూడా రెండు ఒడ్డులూ ఉబ్బి పగులును మూసేలా నొక్కుతాయి. మట్టిని ఉబ్బించేది నీరు, ఇక్కడ ఉబ్బించేది పగులు చేసే లాగుడే, అది గుర్తుంచుకుంటే ఈ పోలిక చాలు. అలా కొన దగ్గరికి చేరే లాగుడు, బయట మనం వేసిన బరువు వల్ల రావలసిన దానికంటే తగ్గుతుంది. కొనకు గొడుగు పట్టినట్టు అన్నమాట.

దీనివల్ల ఒక విచిత్రమైన లక్షణం వస్తుంది: పగులు పొడవయ్యేకొద్దీ టఫ్‌నెస్ పెరుగుతుంది, పట్టీ వెడల్పుకు కొన్ని రెట్లు సాగాక ఒక స్థాయి దగ్గర ఆగుతుంది. గాజులో ఇలా ఉండదు, పగులు పొట్టిదైనా పొడుగైనా అదే నంబరు.

ఎంత లాభమో లెక్కగట్టవచ్చా?

గట్టవచ్చు. 1982లో మెక్‌మీకింగ్, ఎవాన్స్ ఇచ్చిన సూత్రం ఇది:

```
ΔK = 0.22 · E · V · e · √h / (1 − ν)
```

E అంటే పదార్థం బిర్రుతనం, సుమారు 200 గిగాపాస్కల్స్. V అంటే పట్టీలో నిజంగా మారిన రేణువుల వంతు, e అంటే ఘనపరిమాణం పెరుగుదల, h అంటే పగులుకు ఒక్కో వైపు పట్టీ వెడల్పు, ν అంటే పాయిసన్ నిష్పత్తి, సుమారు 0.3. V ని 0.3, e ని 0.04, h ని 1 మైక్రోమీటర్ అనుకుంటే లాభం సుమారు 0.75 యూనిట్లు వస్తుంది. చూసి నిరాశ పడకండి. ఈ లెక్కలో ఉబ్బు మాత్రమే ఉంది, రేణువు ఒక పక్కకు ఒరగడం లేదు, అందుకే కొలిచిన లాభం కంటే సాధారణంగా తక్కువ చూపిస్తుంది.

ఈ సూత్రంలో నేను మా కుర్రాళ్ళకు పదేపదే చూపించేది √h. మిగతావన్నీ అలాగే ఉంచి పట్టీ వెడల్పు 25 మైక్రోమీటర్లు చేస్తే లాభం 0.75 నుంచి సుమారు 3.8కి చేరుతుంది. అంటే రేణువులు ఎంత తేలిగ్గా మారడానికి సిద్ధంగా ఉంటే పట్టీ అంత వెడల్పు, టఫ్‌నెస్ అంత ఎక్కువ. యట్రియాకు బదులు మెగ్నీషియాతో చేసే జిర్కోనియాలో, సీరియాతో చేసే దాంట్లో టఫ్‌నెస్ 10 దాటడానికి ఇదే కారణం.

అయితే యట్రియా తగ్గించి, ఇంకా తేలిగ్గా మారేలా చేసి ఇంకా గట్టిగా చేయొచ్చు కదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకు విషయం అర్థమైనట్టే. కానీ రెండు అడ్డంకులున్నాయి. మరీ తేలిగ్గా మారే పదార్థంలో పగులు పెరగకముందే, తక్కువ ఒత్తిడికే, రేణువులు గుంపులుగా మారిపోయి తామే చిన్న పగుళ్ళు తెస్తాయి. అందుకే టఫ్‌నెస్ సుమారు 8 దాటాక బలం పెరగడం మాని తగ్గుతుంది. 3 శాతం యట్రియా జిర్కోనియా బలం 1000 మెగాపాస్కల్స్ పైన ఉంటే, దానికంటే చాలా టఫ్ అయిన సీరియా జిర్కోనియా బలం దాంట్లో దాదాపు సగమే. రెండో అడ్డంకి నీళ్ళు, దాన్ని కింద చెబుతాను.

మీ ల్యాబ్‌లో ఎప్పుడైనా ఇది తప్పిందా? ఎలా తెలిసింది?

తప్పింది. ఒక ఏడాది వెనకపళ్ళకు చేసిన మూడు పళ్ళ బ్రిడ్జిలు కొన్ని, రెండు పళ్ళు కలిసే సన్నటి చోట విరిగి వెనక్కి వచ్చాయి. డిజైన్‌లో ఆ చోట అడ్డుకోత సరిపడా ఉంది. పొడి బ్యాచ్ మారలేదు. మొదట అందరం మిల్లింగ్‌నే అనుమానించాం.

నాకు అనుమానం వచ్చింది రంగు చూసి. కాల్చిన ముక్కలు మామూలు కంటే కొంచెం వేరుగా కనిపించాయి, మరీ స్పష్టంగా కాదు, పాత ముక్క పక్కన పెడితేనే తెలిసేంత. అప్పుడు కొలిమిలో ఉష్ణోగ్రత పరీక్షించే సెరామిక్ రింగులు పెట్టి కాల్చాం. ఆ రింగు ఎంత వేడి చూస్తే అంత కుంచించుకుంటుంది, మైక్రోమీటర్ పరికరంతో వ్యాసం కొలిచి పట్టికలో చూస్తే నిజంగా ఎంత వేడి తగిలిందో తెలుస్తుంది. తెర మీద 1500 అని ఉంది, రింగు చెప్పింది దాదాపు 1600. కొలిమి వేడిని కొలిచే థర్మోకపుల్ పాతబడి తక్కువ చూపిస్తోంది, కంట్రోలర్ ఏమో వేడి చాలలేదనుకుని ఇంకా ఎక్కువ ఇస్తోంది. థర్మోకపుల్స్ ముసలివైతే సాధారణంగా ఇటువైపే తప్పుతాయి, అది ఇంకా ప్రమాదం.

ఆ వంద డిగ్రీలు రెండు పనులు చేశాయి. రేణువులు పెరిగాయి. ఇంకోటి, ఎక్కువ వేడిలో యట్రియా కొన్ని రేణువుల్లోకే చేరిపోయి అవి క్యూబిక్ అవుతాయి, మిగిలిన టెట్రాగోనల్ రేణువుల్లో యట్రియా తగ్గుతుంది. క్యూబిక్ అయినవి పగులును ఆపడానికి అసలు పనికిరావు, యట్రియా తగ్గినవి మరీ త్వరగా మారిపోతాయి. అంటే రెండు వైపులా నష్టమే.

విరిగిన ముక్కలకు విశాఖలో ఒక ల్యాబ్‌లో, ఏ అమరిక ఎంత ఉందో చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చేయించాం. దాని గ్రాఫులో టెట్రాగోనల్ శిఖరం 30.2 డిగ్రీల కోణం దగ్గర వస్తుంది, మోనోక్లినిక్ శిఖరాలు దానికి అటూ ఇటూ 28.2, 31.5 డిగ్రీల దగ్గర వస్తాయి. ఎవరూ అరగదీయని, విరగని ఉపరితలం మీద కూడా 28.2 దగ్గర శిఖరం లేచింది, అంటే ఒత్తిడి తగలకుండానే రేణువులు మారిపోయాయి. పగులు వచ్చినప్పుడు మారడానికి మిగలాల్సిన రేణువులు ముందే అయిపోయాయన్నమాట. థర్మోకపుల్ మార్చాం, ఇప్పుడు నెలకోసారి రింగు పెట్టకుండా కొలిమిని నమ్మం. ఆ నెలల్లో కాల్చినవాటికి డాక్టర్లందరికీ ఫోన్ చేసి ఉచితంగా మళ్ళీ చేసిచ్చాం, ఆ పని చేయక తప్పదు.

"నోరు ఎప్పుడూ తడే కదండీ, మరి పాడవదా?" (పాలకొల్లు నుంచి ఒక పిన్నిగారు అడిగింది)

చాలా మంచి ప్రశ్న, ఎందుకంటే నీళ్ళే దీనికి అసలు శత్రువు. నీటి నుంచి వచ్చే భాగాలు జిర్కోనియా అమరికలో ఉన్న ఖాళీల్లోకి చేరితే టెట్రాగోనల్ పట్టు సడలుతుంది. ఉపరితలం మీద ఒక రేణువు మారి ఉబ్బుతుంది, పక్కవాటిని నెడుతుంది, సన్నటి పగుళ్ళు వస్తాయి, వాటిలోంచి నీరు లోపలికి పోయి ఇంకో వరుసను మారుస్తుంది. ఉపరితలం గరుకుగా అయ్యి, పైన పొర రాలడం మొదలవుతుంది. 1981లో కొబయాషి బృందం దీన్ని మొదట రాసింది. ఇది 200 నుంచి 300 డిగ్రీల మధ్య అన్నిటికంటే వేగంగా జరుగుతుంది, 37 డిగ్రీల దగ్గర చాలా నెమ్మది.

దీన్ని త్వరగా పరీక్షించడానికి 134 డిగ్రీల ఆవిరిలో, రెండు బార్ల ఒత్తిడిలో ఉంచుతారు. అక్కడ ఒక గంట, శరీరంలో సుమారు మూడు నాలుగేళ్ళతో సమానమని అంచనా. శస్త్రచికిత్స ఇంప్లాంట్ల ప్రమాణం ఐఎస్ఓ 13356 ప్రకారం అలా అయిదు గంటలు ఉంచాక మోనోక్లినిక్ 25 శాతం దాటకూడదు, రేణువు సగటు పరిమాణం 0.4 మైక్రోమీటర్లు మించకూడదు. ఈ ప్రమాణాలు తేలిగ్గా తీసుకోకూడదని అందరికీ నేర్పిన సంఘటన తుంటి కీలు బంతులది. ఫ్రాన్స్‌లోని ఒక తయారీదారు కాల్చే కొలిమిని బ్యాచ్ పద్ధతి నుంచి టన్నెల్ పద్ధతికి మార్చారు, ఆ తర్వాత చేసిన కొన్ని బ్యాచ్‌ల బంతులు రోగుల శరీరాల్లోనే వందల సంఖ్యలో పగిలిపోయాయి. 2001లో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పదార్థం పేరు అదే, కాల్చిన తీరు మారింది, అంతే.

పిన్నిగారికి చెప్పింది ఇది: సరిగ్గా కాల్చి, బాగా పాలిష్ చేసిన పన్నుకు తడి వల్ల భయం లేదు. గరుకుగా వదిలేసినదానికి ఉంది.

డాక్టర్ కుర్చీ దగ్గర ఎత్తు సరిచేయడానికి గ్రైండ్ చేస్తే బలం తగ్గుతుందా, పెరుగుతుందా?

రెండూ నిజమే, ఎంత లోతు అన్నదాన్ని బట్టి. మెత్తగా గ్రైండ్ చేస్తే పైన కొన్ని మైక్రోమీటర్ల పొర మోనోక్లినిక్‌గా మారి ఉబ్బాలని చూస్తుంది, కింద ఉన్నది ఉబ్బనివ్వదు, కాబట్టి పైపొర నొక్కుడులో ఉంటుంది. ఆ నొక్కుడు పగుళ్ళు తెరుచుకోకుండా చూస్తుంది, బలం కొద్దిగా పెరుగుతుంది కూడా. కానీ ముతక బర్‌తో, నీళ్ళు లేకుండా, గట్టిగా అదిమి రుద్దితే పడే గీత ఆ పొరను దాటి లోపలికి పోతుంది. పగులు కొన నొక్కుడు లేని చోట ఉంటే పైన ఎంత నొక్కుడున్నా ఉపయోగం లేదు. కాబట్టి సన్నటి డైమండ్ బర్, నీళ్ళ ధార, తేలికపాటి చేయి, ఆఖర్లో పాలిష్. బ్రిడ్జి పళ్ళు కలిసే చోటు అడుగున మాత్రం బర్ పెట్టకండి, కొరికినప్పుడు లాగుడు ఎక్కువగా ఉండేది అక్కడే.

గ్రైండ్ చేశాక 900 డిగ్రీల పైన మళ్ళీ కాలిస్తే 'నయమవుతుంది' అని కొందరు చెబుతారు. రేణువులు టెట్రాగోనల్‌గా తిరిగి మారతాయి, నిజమే. దాంతోపాటు ఆ మంచి నొక్కుడు కూడా పోతుంది, గీతలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

ముందు పళ్ళకు వాడే అద్దం లాంటి ట్రాన్స్‌లుసెంట్ జిర్కోనియా కూడా ఇంతే గట్టిదా?

కాదు, దీని మీద నాకు కాస్త కోపం కూడా ఉంది, ఎందుకంటే రెంటినీ ఒకే 'జిర్కోనియా' పేరుతో అమ్ముతారు. వెలుతురు బాగా పోవాలని దాంట్లో యట్రియాను 5 మోల్ శాతం దాకా పెంచుతారు, దాంతో సగం దాకా క్యూబిక్ అవుతుంది. క్యూబిక్ మారదు, మారనిది ఉబ్బదు, ఉబ్బనిది పగులును పట్టుకోదు. టఫ్‌నెస్ సగానికి, 2.5 నుంచి 3 దగ్గరికి పడిపోతుంది. ముందు పంటికి అందంగా ఉంటుంది, వాడండి. వెనక మూడు పళ్ళ బ్రిడ్జికి దాన్నే పంపమని ఆర్డర్ వస్తే నేను ఫోన్ చేసి అడుగుతాను.

ఇంజన్లు, కొలిములు లాంటి వేడి చోట్ల ఈ గట్టితనం పనిచేస్తుందా?

వేడి పెరిగేకొద్దీ టెట్రాగోనల్‌కే అక్కడ ఉండటం ఇష్టం, మారాలన్న తొందర తగ్గుతుంది, కాబట్టి లాభం కూడా కరుగుతూ పోతుంది. జెట్ ఇంజన్ బ్లేడ్ల మీద పూసే జిర్కోనియా పూత దీని మీద ఆధారపడదు, అది మారకుండా ఉండేలా వేరే మోతాదులో చేసినది.

పేషెంట్ నోట్లో ఉన్న పన్ను మారిపోతోందో లేదో డాక్టర్ కుర్చీ దగ్గరే తెలుసుకోవచ్చా?

ఎంత శాతం మారిందో చెప్పలేరు, దానికి ఎక్స్‌రే డిఫ్రాక్షనే కావాలి, దంతాల ఎక్స్‌రే కాదు. కానీ ఇచ్చినప్పుడు మెరిసిన ఉపరితలం మెరుపు పోయి, ప్రోబ్ కొనతో గీస్తే గరుకు తగులుతూ, ఎదుటి పన్ను వేగంగా అరుగుతుంటే అనుమానించండి. అరుగుదలకు వేరే కారణాలూ ఉంటాయి, అందుకే ముందు పాలిష్ చేసి ఆరు నెలలకు మళ్ళీ చూడండి. మళ్ళీ గరుకైతే తీసి, ఆ ముక్కను పారేయకుండా తేదీతో సహా ల్యాబ్‌కు పంపండి. మా కొలిమి తప్పు మాకు తెలిసింది అలా తిరిగొచ్చిన ముక్కల వల్లే.